పళ్ళ క్లిప్పుల చికిత్సకు గురువారాల్లో పర్మిషన్ కోరుతూ

హనుమకొండ,
14-07-2025.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం. మా అమ్మాయి సహస్ర మీ పాఠశాలలో 8వ తరగతి బి సెక్షన్ చదువుతోంది, రోల్ నంబరు 17. పై వరుసలో పంటి మీద పన్ను రావడంతో రెండు వరుసలకూ క్లిప్పులు వేయాలని ఆర్థోడాంటిస్టు గారు చెప్పారు. చికిత్స ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. ఆయన హైదరాబాదు నుంచి గురువారం మాత్రమే, పొద్దున 10 నుంచి 1 వరకే వస్తారు. అందుకే బడి వదిలాక తీసుకెళ్ళడం కుదరడం లేదు.

ఈ నెల 17న దవడ పళ్ళ మధ్య సెపరేటర్లు, అంటే చిన్న రబ్బరు రింగులు పెడతారు. అరగంట పని. 24న క్లిప్పులు అతికిస్తారు. దానికి రెండు గంటలు పడుతుంది, ఆ రోజు నొప్పి కూడా ఉంటుంది కాబట్టి పూర్తి సెలవుగానే రాసుకోండి. ఆ తర్వాత నాలుగు వారాలకోసారి తీగ బిగించాలి: ఆగస్టు 21, సెప్టెంబరు 18, అలా మార్చి 5 వరకు. ఈ రోజుల్లో మొదటి పీరియడ్ అయ్యాక 10 గంటలకు పంపితే, లంచ్ అయ్యేలోపు నేనే తిరిగి దింపుతాను. 24 తప్పిస్తే మొత్తం తొమ్మిది పూటలు. పొద్దున హాజరు పడ్డాకే వెళ్తుంది కనుక ఆ పూటను ఆబ్సెంటుగా కాక పర్మిషన్‌గా నమోదు చేయించగలరు.

పరీక్ష ఉన్న గురువారం మేమే తేదీ మార్చుకుంటాం. వారం ఆలస్యమైతే ఫరవాలేదు. నెలలు దాటితే మాత్రం తీగను పట్టి ఉంచే రబ్బర్ల పట్టు సడలి పళ్ళు కదలడం ఆగిపోతుంది, చికిత్స ఇంకా ఆలస్యమవుతుంది. గురువారం రెండో పీరియడ్ సైన్స్ ల్యాబ్ అట. ఆ ప్రయోగాన్ని శుక్రవారం ఎ సెక్షన్ వాళ్ళతో చేయనిస్తే మంచిది, రికార్డు రాసుకోవడం ఒక్కటే చాలదు కదా.

చెప్పకుండా వచ్చే ఇబ్బంది ఒకటుంది. పంటికి అతికించిన బ్రాకెట్ ఊడినా, తీగ కొస బుగ్గకు గుచ్చుకున్నా అక్కడ తడి తుడిచి, తన డబ్బాలోని మైనం ముద్దను దాని మీద అదమాలి. అది తనకు నేర్పించాం. అప్పటికీ తగ్గకపోతే నాకు ఫోన్ చేయించండి, మాత్రలేవీ ఇవ్వవద్దు. తీగను కత్తిరించే ప్రయత్నం అసలే వద్దు, ముక్క గొంతులోకి పోయే ప్రమాదం ఉంది.

బిగించాక రెండు మూడు రోజులు నమలలేదు, మాట కాస్త ముద్దగా వస్తుంది. ఆ రోజుల్లో తెలుగు, హిందీ టీచర్లు పద్యాలు అప్పజెప్పించడం వాయిదా వేస్తే నలుగురిలో సిగ్గుపడదు. అన్నం తిన్నాక బ్రష్ చేసుకోవడానికి రోజూ ఐదు నిమిషాలు ఇవ్వాలి. మెతుకులు ఇరుక్కుంటే చిగుళ్ళు వాస్తాయి. పుట్టినరోజులకు పంచే చిక్కీ, జంతికలు తనకు పెట్టవద్దని స్నేహితులకు చెప్పడం కష్టమే గానీ, క్లాస్ టీచర్ గారు ఒక మాట అంటే వింటారు. కబడ్డీ ఆడేటప్పుడు మౌత్‌గార్డ్ పెట్టుకుంటుంది, అది మేమే కొనిస్తాం.

ప్రతిసారీ క్లినిక్ స్లిప్పు మర్నాడు అందజేస్తాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఎన్. మాధవి
(సహస్ర తల్లి)

జత: ఆర్థోడాంటిస్టు సర్టిఫికెట్, మార్చి వరకు తేదీల పట్టిక.