మార్కెట్ రేటు కన్నా ఎక్కువ జీతం ఎందుకు ఇస్తారు?

పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం, ఏ సంస్థా మార్కెట్ రేటు కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకూడదు. ఆ రేటుకే మనుషులు దొరుకుతున్నప్పుడు ఎక్కువ ఇస్తే అది నష్టమే. కానీ వాస్తవంలో చాలా సంస్థలు ఎక్కువ ఇస్తాయి. అంతకంటే తక్కువకు పనిచేస్తామని గేటు బయట జనం నిలబడి ఉన్నా జీతం తగ్గించవు. ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నమే సమర్థతా వేతన సిద్ధాంతం. ఈ సిద్ధాంతంలో అందరికీ బాగా తెలిసిన భాగం ఉద్యోగం పోతుందన్న భయం మీద ఆధారపడింది. అది పదునైన వాదనే, కానీ ఒక్కటే సరిపోదు. న్యాయంగా చూస్తున్నారన్న భావనను పక్కన పెడితే, మన ముందున్న ఆధారాల్లో సగానికి సమాధానం దొరకదని నా వాదన.

సంస్థ డబ్బిచ్చి కొనేది గంటలను. దానికి కావలసింది మాత్రం శ్రమ. గంటలను కాంట్రాక్టులో రాసుకోవచ్చు, శ్రద్ధను రాసుకోలేం. జీతాన్ని బట్టి శ్రద్ధ మారుతుందని ఒప్పుకుంటే లెక్క తలకిందులవుతుంది. ఊహకు ఒక ఉదాహరణ: జీతం 100 ఉన్నప్పుడు ఒక కార్మికుడు 10 యూనిట్ల పని చేస్తాడనుకుందాం. ఒక యూనిట్‌కు అయ్యే ఖర్చు 10. జీతం 110 చేస్తే పని 12కు పెరిగిందనుకుంటే, ఖర్చు సుమారు 9.17కు దిగుతుంది. 120 ఇస్తే పని 12.5 దాకానే వచ్చిందనుకుంటే, ఖర్చు మళ్లీ 9.6కు ఎక్కుతుంది. కాబట్టి ఈ మూడింటిలో సంస్థకు మంచిది 110. జీతం ఒక శాతం పెంచితే శ్రమ కూడా సరిగ్గా ఒక శాతం పెరిగే చోట ఆగాలని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1979లో చూపించారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బయట ఎంతమంది ఖాళీగా ఉన్నారన్నది ఈ లెక్కలోకి రానే రాదు. నిరుద్యోగులు తక్కువకు వస్తామన్నా జీతం ఎందుకు దిగదో ఇక్కడే అర్థమవుతుంది.

చరిత్రలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఫోర్డ్. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్‌ కార్ల కంపెనీ రోజుకు 5 డాలర్ల జీతం ప్రకటించింది. అంతకుముందు ఉన్నది దాదాపు 2.34 డాలర్లు. పనివేళలు కూడా 9 గంటల నుంచి 8కి తగ్గాయి. కార్మికులు తాము తయారుచేసే కార్లు తామే కొనుక్కోవాలని ఇలా చేశారని ఒక కథ ఉంది. వినడానికి బాగుంటుంది కానీ లెక్కకు నిలవదు: సొంత కార్మికులు కొనే కార్లు మొత్తం అమ్మకాల్లో ఎన్నో ఉండవు. అసలు ఇబ్బంది ఫ్యాక్టరీ లోపల ఉంది. 1913లో ఏడాదికి 370 శాతం టర్నోవర్. అంటే ఒక్కో ఉద్యోగానికి ఏడాదిలో సగటున ముగ్గురు నలుగురు మారుతున్నారు. రోజూ పదిమందిలో ఒకరు పనికి రావడం లేదు. కదిలే అసెంబ్లీ లైన్ పెట్టింది కూడా అదే ఏడాది. లైన్ మీద ఒక్క మనిషి లేకపోయినా, ఒక్కడు నెమ్మదించినా వెనకున్న పనంతా ఆగుతుంది. విసుగు పుట్టించే ఆ పని దగ్గర మనుషుల్ని నిలపాలంటే, వదులుకోవడానికి మనసొప్పని జీతం కావాలి. 5 డాలర్ల తర్వాత టర్నోవర్, గైర్హాజరీ బాగా పడిపోయాయి, గేటు దగ్గర ఉద్యోగాల కోసం వేలమంది గుమిగూడారు. లారెన్స్ సమర్స్, డేనియల్ రాఫ్ 1987లో ఈ రికార్డులను తిరగేసి, దీన్ని కార్మికుల కొరతతో వివరించలేమని తేల్చారు. ఖర్చు తగ్గించుకోవడంలో తాము వేసిన మంచి ఎత్తుల్లో ఇదొకటని ఫోర్డ్ కూడా తర్వాత అన్నారు.

ఈ కథకు గణిత రూపం ఇచ్చింది 1984లో కార్ల్ షాపిరో, జోసెఫ్ స్టిగ్లిట్జ్. పని ఎగ్గొట్టినవాళ్లు ప్రతిసారీ దొరకరు, కొన్నిసార్లే దొరుకుతారు. దొరికితే ఉద్యోగం పోతుంది. కానీ అదే జీతానికి పక్క వీధిలో రేపే ఉద్యోగం దొరికితే, తీసేయడం ఒక శిక్షే కాదు. కాబట్టి ఎగ్గొట్టకుండా ఉండాలంటే కనీసం ఇంత జీతం ఇవ్వాలి:

`w = w̄ + e + (e/q)(a + b + r)`

ఇందులో w̄ నిరుద్యోగ భృతి, e పనిచేయడంలోని కష్టం, q దొరికిపోయే రేటు, a ఖాళీగా ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం దొరికే వేగం, b మామూలుగా ఉద్యోగాలు పోయే రేటు, r భవిష్యత్తు ఆదాయాన్ని తగ్గించి చూసే రేటు. నిఘా పదునైతే q పెరుగుతుంది, అదనపు జీతం అవసరం తగ్గుతుంది. ఇక అందరికీ ఉద్యోగాలుంటే a హద్దు లేకుండా పెరుగుతుంది, జీతం కూడా దానితోపాటే పెరిగిపోతుంది. అలాంటి సమతౌల్యం సాధ్యం కాదు. మొదట ఒక సంస్థ పెంచితే మిగతావీ పెంచుతాయి. అప్పుడు తేడా చెరిగిపోతుంది, భయం మాత్రం మిగులుతుంది, ఎందుకంటే ఆ జీతాల దగ్గర అందరినీ పెట్టుకునే సంస్థలు ఉండవు. నిరుద్యోగమే అదుపు పాత్ర పోషిస్తుంది. పని కావాలని అడిగినా దొరకనివాళ్ల బాధ ఈ మోడల్‌లో ఒక ఉప ఉత్పత్తి కాదు, యంత్రంలో ఒక భాగం. చదువుతుంటే మనసుకు కష్టం కలిగే ఫలితం ఇది.

దీనిపై గట్టి అభ్యంతరం ఒకటుంది. ఎగ్గొడితే జప్తయ్యే డిపాజిట్ ముందే కట్టించుకోవచ్చు కదా, లేదా మొదట తక్కువిచ్చి సీనియారిటీతో పెంచుతూ పోవచ్చు కదా, అదనపు జీతం దేనికి? రెండో పద్ధతి నిజంగానే ఉంది. మొదటిది అరుదు. చేతిలో డబ్బు లేని మనిషి డిపాజిట్ కట్టలేడు, పైగా ఏదో నెపంతో సంస్థే దాన్ని మింగేయవచ్చన్న అనుమానమూ ఉంటుంది. అందుకే ఈ అభ్యంతరం సిద్ధాంతాన్ని బలహీనపరుస్తుంది కానీ కొట్టిపారేయలేదు.

మంచి జీతానికి మంచి అభ్యర్థులు వస్తారన్న వాదన, శిక్షణ ఖర్చు మిగులుతుందన్న వాదన సరళమైనవి, వాటిపై పెద్ద వివాదం లేదు. ఆలోచించాల్సింది జార్జ్ అకెర్‌లాఫ్ 1982లో చెప్పినదాని గురించి. అదనపు జీతం ఒక కానుక, అదనపు శ్రమ దానికి బదులు కానుక. ఇక్కడ భయం లేదు, మర్యాద ఉంది. ట్రూమన్ బ్యూలీ మాంద్యం కాలంలో మేనేజర్లను కలిసి అడిగితే, జీతాలు కోయకపోవడానికి వాళ్లు చెప్పిన ప్రధాన కారణం ఉద్యోగుల మనోబలం దెబ్బతింటుందన్నదే. అయితే కానుక ప్రభావం ఎంతకాలం ఉంటుంది? ఉరి గ్నీజీ, జాన్ లిస్ట్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చెప్పినదానికన్నా ఎక్కువ ఇచ్చినవాళ్ల పని మొదట పెరిగి కొన్ని గంటల్లోనే మామూలు స్థాయికి దిగిపోయింది. అది ఒకరోజు పని, ఏళ్లతరబడి సాగే ఉద్యోగ బంధం కాదు కాబట్టి దీన్ని చివరి మాటగా తీసుకోలేను. కానీ కానుక ఒకసారి ఇచ్చి మరిచిపోయే వస్తువు కాదని మాత్రం తెలుస్తుంది.

నన్ను ఒప్పించిన ఆధారం వేరే చోట ఉంది. అలన్ క్రూగర్, సమర్స్ 1988లో చూపినట్లు, చదువు, అనుభవం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా కొన్ని పరిశ్రమలు మిగతావాటికన్నా స్థిరంగా ఎక్కువ చెల్లిస్తాయి. పైగా ఎక్కువిచ్చే పరిశ్రమలో ఇంజినీరుకే కాదు, సెక్రటరీకీ, గదులు ఊడ్చేవాళ్లకీ కూడా ఎక్కువే. ఊడ్చిన గది కళ్లముందే కనిపిస్తుంది, అక్కడ నిఘా కష్టమేమీ కాదు. భయమే కారణమైతే ఆ అదనపు జీతం వాళ్లకు అందనవసరం లేదు. ఒకే గేటు నుంచి లోపలికి వచ్చేవాళ్లు ఒకరి జీతాన్ని మరొకరితో పోల్చుకుంటారని, ఆ పోలికను సంస్థ పట్టించుకోక తప్పదని అనుకుంటేనే ఈ అంకెలకు అర్థం కుదురుతుంది.