ఎండాకాలంలో నీళ్లు: దాహం వేసేదాకా ఆగకండి

ఏప్రిల్ సగం దాటింది. రోహిణి కార్తె ఇంకా చాలా దూరం, అయినా గుంటూరులో మధ్యాహ్నం పన్నెండు దాటితే రోడ్డు మీద మనిషి కనిపించడం లేదు. వారం పది రోజులుగా మా ఓపీకి ఎక్కువ మంది ఒకే రకమైన బాధలు చెబుతూ వస్తున్నారు. తల తిరుగుతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి, ఒకటే నీరసం, మూత్రంలో మంట. బీపీ పడిపోయిందేమో, షుగరు వచ్చిందేమో అని కొందరు బెంగగా కూర్చుంటున్నారు. పరీక్షించి చూస్తే చాలామందిలో పెద్ద జబ్బేమీ ఉండటం లేదు. ఒంట్లో నీరు తగ్గింది, అంతే. ఫ్యాను కింద కాసేపు పడుకోబెట్టి, కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ తాగిస్తే గంటా రెండు గంటల్లో లేచి తమంతట తామే ఇంటికి వెళ్తున్నారు.

కాబట్టి కంగారు పడవలసిన పని లేదు. దీనికి ఖరీదైన మందులు అక్కర్లేదు, సెలైన్ సీసా కూడా చాలాసార్లు అక్కర్లేదు. నోటితో తాగగలిగినంత కాలం నోటితో తాగిందే మంచిది. "ఒక సెలైన్ ఎక్కించండి డాక్టరుగారూ, ఒంట్లోకి శక్తి వస్తుంది" అని అడిగేవారు రోజూ ఉంటారు. మామూలు సెలైన్‌లో ఉండేది ఉప్పు కలిసిన నీరే. వాంతులు ఆగనివారికి, స్పృహ సరిగా లేనివారికి అది ప్రాణం నిలుపుతుంది. మిగిలినవారికి మజ్జిగ గ్లాసు చాలు.

దాహం ఆలస్యంగా చెబుతుంది

వచ్చినవారిని "ఉదయం నుంచి ఎన్ని గ్లాసులు తాగారు?" అని అడుగుతాం. ఇంట్లో బిందెల నిండా నీళ్లున్నా తాగనివారే ఎక్కువ. మొన్న ఒక పెద్దావిడను మనవడు బండి మీద తీసుకొచ్చాడు. నాలుక ఎండిపోయి పెదవులు పగిలి ఉన్నాయి. "నీళ్లు తాగలేదా అమ్మా?" అంటే, "దాహం వేయలేదు బాబూ, వేస్తే తాగనా?" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. వయసు పైబడిన కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినా గొంతు ఎండినట్టు అనిపించదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లను "దాహమా?" అని అడగడం కన్నా గంటకోసారి గ్లాసు చేతికి ఇవ్వడం మేలు. ఒక్కసారిగా చెంబెడు తాగమంటే వాళ్లు తాగలేరు. సగం గ్లాసైనా సరే, మాటిమాటికీ ఇవ్వండి.

ఇక రోజుకు ఎంత తాగాలన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇంట్లో, నీడలో ఉండే ఆరోగ్యవంతులైన పెద్దవారికి నీళ్లు, మజ్జిగ, చారు, పండ్లు అన్నీ కలిపి రెండున్నర లీటర్లకు అటూ ఇటూ సరిపోతుంది. ఎండలో చెమటోడ్చేవారికి ఆ లెక్క కుదరదు. పని చేస్తున్నంతసేపూ ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు చొప్పున తాగాలి. అలాగని మధ్యాహ్నం దాకా ఏమీ తాగకుండా ఒకేసారి బాటిళ్లకు బాటిళ్లు దించేయకండి. గంటకు లీటరున్నర మించి ఒట్టి నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ఇబ్బంది.

లెక్కలు గుర్తుండవనుకుంటే మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపులో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఆవనూనెలా ముదురుగా, వాసనగా, తక్కువగా వస్తుంటే వెంటనే రెండు గ్లాసులు తాగండి. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవారికి మాత్రం ఎంత తాగినా చిక్కటి పసుపు రంగే వస్తుంది, దాన్ని చూసి భయపడకండి.

తెలిసీ తాగనివారి సంగతి

మా దగ్గరకు మూత్రంలో మంటతో వచ్చే మహిళల్లో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేవారు, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడేవారు ఎక్కువ. నీళ్లు ఎందుకు తాగలేదంటే మొదట నవ్వి ఊరుకుంటారు. తర్వాత నెమ్మదిగా చెబుతారు: అక్కడ మరుగుదొడ్డి లేదు, ఉన్నా వెళ్లేలా ఉండదు. మిర్చి పని చేసేవారికి ఇంకో బాధ, వేళ్లకు అంటిన కారం. ఆ చేతులతో గ్లాసు పట్టుకుని మూతికి పెట్టుకుంటే పెదాలు మండుతాయి, ఇక మరుగుదొడ్డి మాట చెప్పనక్కర్లేదు. అందుకని పొద్దున ఏడింటికి టీ తాగి వెళ్లి, సాయంత్రం ఇంటికి వచ్చేదాకా అలాగే ఉండిపోతారు.

ఇది వారి అజాగ్రత్త అని మేము అనం. మరుగుదొడ్డి పెట్టించాల్సిన బాధ్యత పని ఇచ్చేవారిది. ఆ మాట యజమానులు చదివితే బాగుండును. ఈలోగా మీ చేతుల్లో ఉన్నవి కొన్ని చెబుతాం. బయలుదేరే ముందు రెండు గ్లాసులు తాగి, మూత్రానికి వెళ్లి రండి. మూతి సన్నగా ఉన్న బాటిల్ దగ్గర పెట్టుకుంటే పెదవికి తగలకుండా పైనుంచి పోసుకోవచ్చు. చేతులకు అంటిన కారం ఒట్టి నీళ్లతో పోదు. ముందు కాస్త నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది. మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కసారైనా మూత్రానికి వెళ్లే వీలు చూసుకోండి. గంటల తరబడి ఆపుకోవడం, నీళ్లు తక్కువ తాగడం రెండూ కలిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే సొంత వైద్యం చేసుకోకుండా రండి. గర్భిణులు అయితే ఆ రోజే రావాలి.

ఏం తాగాలి?

మన ఇళ్లలో ఉన్నవే చాలు. కుండలో నీళ్లు, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, రాగి జావ, గంజి, నిమ్మరసం, బార్లీ నీళ్లు, సబ్జా గింజలు నానబెట్టిన నీళ్లు. మజ్జిగలో కాస్త అల్లం, కరివేపాకు నలిపి వేస్తే వద్దన్నవారు కూడా రెండో గ్లాసు అడుగుతారు. రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెట్టిన చద్దన్నం పొద్దున్నే తినేవారికి ఉప్పు, నీరు, బలం మూడూ అందుతాయి. తాటి ముంజలు, పుచ్చకాయ, కీరదోస బాగా తినండి. కోసి గంటలకొద్దీ బయట పెట్టిన ముక్కలు మాత్రం వద్దు.

టీ, కాఫీలు పూర్తిగా మానమని చెప్పం. రోజుకు రెండు కప్పులతో నష్టం లేదు, కానీ వాటిని నీళ్ల లెక్కలో వేసి సరిపెట్టకండి. కూల్‌డ్రింకులు చల్లగా ఉంటాయి గానీ వాటిలో చక్కెర మరీ ఎక్కువ. బీరు చలవ చేస్తుందన్నది ఒట్టి మాట, అది ఒంట్లోని నీటిని ఇంకా బయటికి తోడేస్తుంది. బండి మీది చెరకు రసం తాగితే ఐసు వేయవద్దని చెప్పండి. ఆ ఐసు ఏ నీటితో చేశారో మనకు తెలియదు. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలకు కలుషితమైన నీరు, ఐసు పెద్ద కారణాలు.

ఓఆర్ఎస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. గ్లాసు నీళ్లలో సగం ప్యాకెట్ వేసి చిక్కగా తాగిస్తే మేలు జరగకపోగా విరేచనాలు పెరగవచ్చు, పిల్లలకు ప్రమాదం కూడా. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. దుకాణాల్లో చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, ఎన్ని నీళ్లలో కలపాలో దాని మీదే చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందని ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. రంగు రంగుల డబ్బాల్లో తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో ఏళ్లపాటు అమ్మారు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద పట్టు విడవకుండా పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు.

ప్యాకెట్ లేని వేళ విరేచనాలు మొదలైతే ఇంట్లోనే కలుపుకోవచ్చు: లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతోనే కొలవండి. ఉప్పు చేతి అంచనాతో వేయవద్దు.

కొందరు ముందు మమ్మల్ని అడగాలి

"ఎక్కువ నీళ్లు తాగండి" అన్న మాట అందరికీ వర్తించదు. గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, డయాలసిస్ చేయించుకునేవారికి రోజుకు ఇంతే తాగాలని మేము లెక్క రాసి ఇస్తాం. ఎండ పెరిగిందని ఆ లెక్క మీరే మార్చవద్దు, ఒకసారి ఫోను చేయండి. కిడ్నీ రోగులు కొబ్బరి నీళ్లకు దూరంగా ఉండాలి, అందులో పొటాషియం ఎక్కువ. బీపీకి వాడే నీరు తీసే మాత్రలు, కొన్ని రకాల షుగరు మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి. అవి వాడుతూ తల తిరిగినా, వాంతులు విరేచనాలైనా మందుల చీటీతో రండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. షుగరు ఉన్నవారు విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ తాగవచ్చు, షుగరు చూసుకుంటూ ఉంటే చాలు.

ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ఎంత ఎండ కాసినా నీళ్లు పట్టవద్దు. తల్లిపాలలోనే వారికి కావలసిన నీరు ఉంటుంది. మాటిమాటికీ పాలివ్వండి, తల్లి తన నీళ్లు తాను బాగా తాగాలి. ఈ మాట ఇంట్లోని అమ్మమ్మలకు, నాయనమ్మలకు కూడా చదివి వినిపించండి. "మా కాలంలో పట్టేవాళ్లం" అని ఉగ్గు గిన్నె అందుకునేది ప్రేమతోనే, కానీ ఆ నీళ్లతో కడుపు నిండితే బిడ్డ పాలు తక్కువ తాగుతుంది. పెద్ద పిల్లలు ఆటలో పడి నీళ్లు మరచిపోతారు, పిలిచి తాగించడమే మార్గం. వాంతి చేసుకున్న పిల్లకు పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, కళ్లు లోతుకు పోవడం, నడినెత్తి గుంటపడటం, ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, మగతగా ఉండటం కనిపిస్తే మాత్రం ఇంట్లో ఆగవద్దు.

వడదెబ్బ అయితే

మాట తడబడటం, తికమకగా మాట్లాడటం, ఒళ్లు కాలిపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం. వీటిలో ఏది కనిపించినా అది మామూలు నీరసం కాదు. వెంటనే 108కు ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోగా మనిషిని నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. చంకల్లో, మెడ పక్కన, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. జ్వరం బిళ్ల వడదెబ్బకు పనిచేయదు.

ఈ నెల నుంచి జూన్ మొదటి వారం దాకా మా క్లినిక్ ఉదయం 7 నుంచి 12 వరకు, సాయంత్రం 5 నుంచి 9 వరకు ఉంటుంది. ఎండవేళ ఎవరూ బయలుదేరకూడదనే సమయం మార్చాం. గేటు పక్కన వేపచెట్టు కింద కుండలు పెట్టించాం, చీటీ రాయించుకోకపోయినా దారిన పోతూ ఆగి తాగవచ్చు. ఓఆర్ఎస్ ఎలా కలపాలో తెలియకపోతే లోపల మా నర్సును అడగండి, మీ ఎదుటే కలిపి చూపిస్తారు.