గాజువాకతో మొదలుపెడదాం: మన చేపల హోటల్‌కి ఫ్రాంచైజీ ప్లాన్

బాబాయ్‌కి, పిన్నికి నమస్కారం.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరు అడిగిన ప్లాన్ ఇది. మీరు తీరిగ్గా చదివి, నచ్చని చోట పెన్నుతో కొట్టేయండి. హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తున్నాయన అక్కడ మన పేరుతో హోటల్ పెట్టుకోవడానికి 25 లక్షలు ఒకేసారి ఇస్తానంటున్నాడు కదా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వద్దు. మన ద్వారకానగర్ హోటల్‌కి జనం వచ్చేది బోర్డు చూసి కాదు, పిన్ని చేపల పులుసు కోసం. 600 కిలోమీటర్లకు పైగా దూరంలో ఆ పులుసు ఎలా ఉందో మనం వారం వారం వెళ్లి రుచి చూడలేం. అది ఒక్కసారి చెడితే ఆ పేరు ఇక్కడిదాకా వస్తుంది.

అందుకే ముందు వంటగదితో మొదలుపెట్టాను. మూడు రోజులు పిన్ని పక్కన త్రాసు పెట్టుకుని నిలబడ్డాను. చింతపండు "ఒక గుప్పెడు" అంటుంది కదా, తూకం వేస్తే మొదటి రోజు 42 గ్రాములు, రెండో రోజు 38, మూడో రోజు 47. మూడు రోజులూ పులుసు ఒకేలా ఉంది! ఎందుకని అడిగితే, "చింతపండు పాతదైతే తగ్గిస్తానే, చేప కొవ్వుగా ఉంటే పెంచుతాను" అంది. ఆ చెయ్యి ఎవరికీ అద్దెకివ్వలేం. కాబట్టి పులుసు బేస్, వేపుడు మసాలా, నెత్తళ్ల కారం ఈ మూడూ మన దగ్గరే ఒక మసాలా గదిలో తయారై, సీలు వేసిన ప్యాకెట్లలో, మన పేరుతో హోటల్ నడిపే పార్టనర్లకి వెళ్లాలి. పిన్ని రుచి చూసి ఓకే అన్నాకే ఆ రోజు బ్యాచ్ బయటికి వెళ్తుంది. అక్కడి వంటవాడు చేప కోసి, బేస్ కలిపి, చెప్పినంత సేపు మరిగిస్తాడు. ఈ గదికి విడిగా ఫుడ్ లైసెన్స్ కావాలి. సామానుతో కలిపి 12 లక్షలవుతుందని అంచనా వేశాను.

ఆ ప్యాకెట్ల మీద మనం లాభం వేసుకోకూడదని నా పట్టుదల. అసలు ఖర్చు మీద 8 శాతం రవాణాకి, ప్యాకింగ్‌కి, అంతే. ఎక్కువ వేసుకుంటే రెండో నెలకే పార్టనర్ పూర్ణా మార్కెట్‌కి వెళ్లి సొంతంగా మసాలా కొట్టించుకుంటాడు, మనకి తెలియను కూడా తెలియదు. మన సంపాదన అతని అమ్మకాల మీద రావాలి. అతను బాగుంటేనే మనకి డబ్బు వచ్చేలా ఉండాలి.

గాజువాకలో 1,500 చదరపు అడుగులు, 60 సీట్ల హోటల్‌కి లెక్క వేశాను. పెట్టుబడి మొత్తం పార్టనర్‌దే, 38 లక్షలు. అందులో మనకిచ్చే ప్రవేశ ఫీజు 4 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిసే ఉన్నాయి. ఆ ఫీజు మనం ఇంటికి తీసుకెళ్లేది కాదు: అతని ఇద్దరు వంటవాళ్లకి మన దగ్గర 60 రోజుల శిక్షణ, ప్రారంభానికి మన టీమ్ 15 రోజులు అక్కడ ఉండటం, వీటికే అయిపోతుంది.

రోజుకి 40,000 అమ్మితే నెలకి 12 లక్షలు. సరుకులు 36 శాతం, అంటే 4.32 లక్షలు. జీతాలు 2.40, అద్దె 1.10, గ్యాస్, కరెంటు 75 వేలు, డెలివరీ యాప్‌ల కమిషన్ 70 వేలు, చిల్లర ఖర్చులు 40 వేలు. మన రాయల్టీ 5 శాతం, 60 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 10,800. ఈ 10,800 గురించి పార్టనర్‌కి ముందే చెప్పాలి. హోటళ్లు కస్టమర్ దగ్గర 5 శాతం జీఎస్టీ వసూలు చేసే పద్ధతిలో, మనకి కట్టిన పన్నుని తిరిగి సర్దుబాటు చేసుకోవడం కుదరదు. అది అతనికి అచ్చంగా ఖర్చే. ఇవన్నీ పోగా నెలకి సుమారు 1.62 లక్షలు మిగులుతుంది, దాదాపు 24 నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుంది.

అమ్మకం రోజుకి 28,000కి పడిపోతే? జీతాలు, కరెంటు కొంత తగ్గించుకున్నా చేతికి 8 వేలు మిగులుతుంది. నెలంతా నిలబడి కష్టపడినవాడికి 8 వేలు! అందుకే నెల అమ్మకం 9 లక్షల లోపు ఉంటే రాయల్టీ 3 శాతమే అని ఒప్పందంలోనే రాద్దాం. అప్పుడు అతనికి దాదాపు 28 వేలు దక్కుతుంది. అతను మనల్ని బతిమాలే పరిస్థితి రాకూడదు. మన హోటల్‌కి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. హార్బర్‌లో వంజరం రేటు ఎలా ఎగబాకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలలకి విడిగా మెనూ పెట్టాలి: చెరువు రొయ్యలు, పండుగప్ప, కొరమీను, ఎండు చేపల ఇగురు. ఐసులో పాతబడిన వంజరం అమ్మితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఒప్పందం రద్దు. ఇందులో మొహమాటం వద్దు బాబాయ్.

ఒప్పందం అయిదేళ్లు, బాగా నడిపితే మరో అయిదేళ్లు. చుట్టూ మూడు కిలోమీటర్లలో ఇంకెవరికీ ఇవ్వం, మనమూ పెట్టం. బిల్లింగ్ మన సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలి, రోజు అమ్మకం రాత్రికి మన ఫోన్లో కనబడాలి.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, అంతా 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందే. "ఒప్పందం ముగిశాక చేపల హోటల్ పెట్టకూడదు" అని రాసుకున్నా, ఆ చట్టం 27వ సెక్షన్ వల్ల కోర్టులో నిలబడటం కష్టం. ఒప్పందం నడుస్తున్నంత కాలం పోటీ వ్యాపారం చేయకూడదనే షరతు మాత్రం నిలుస్తుంది. కాబట్టి మన రక్షణ కాగితం కన్నా చేతిలో ఉన్నవాటి వల్లే వస్తుంది: మసాలా ఫార్ములా, హోటల్ ఫోన్ నంబరు, గూగుల్ మ్యాప్స్ పేజీ, డెలివరీ యాప్‌ల లాగిన్. ఇవన్నీ మొదటి రోజు నుంచీ మన పేరు మీదే ఉండాలి. వేరుపడితే ఏడు రోజుల్లో బోర్డు దించాలి.

హోటల్ పేరుకి ట్రేడ్‌మార్క్ ఇంకా లేదు, ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు. హోటల్ సేవలకి 43వ తరగతి, మసాలాలకి 30వ తరగతి, రెండింటిలోనూ దరఖాస్తు చేయాలి. రిజిస్టరైతే పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పెట్టకుండా ఎవరితోనూ సంతకం వద్దు.

ఇక మొదటి పార్టనర్ ఎవరు? డబ్బున్నవాళ్లు నలుగురు అడిగారని చెప్పారు. నేను అడిగేది ఒక్కటే: రోజూ హోటల్లో తనే కూర్చుంటాడా? జీతానికి మేనేజర్‌ని పెట్టి తను రియల్ ఎస్టేట్ చూసుకునేవాడు వద్దు. నా మనసులో ఉన్నది మన క్యాషియర్ బావమరిది. స్టీల్ ప్లాంటులో క్యాంటీన్ నడిపినవాడు, కూర్మన్నపాలెంలోనే ఉంటాడు, పొద్దున అయిదింటికి హార్బర్‌లో బేరమాడటం తెలుసు. అతని దగ్గర 20 లక్షలే ఉన్నాయి, మిగతాది బ్యాంకు లోను. వాయిదా నెలకి 40 వేల లోపు ఉండేలా కాలం పెట్టిస్తే నెట్టుకురాగలడు, మంచి నెలల్లో కొంత ముందే తీర్చేయొచ్చు.

గాజువాక ఆరు నెలలు నడిచాక మధురవాడ, ఆ తర్వాత అనకాపల్లి. విజయనగరం సంగతి వచ్చే ఏడాది చూద్దాం. ఒక్క హోటల్ నుంచి వచ్చే 60 వేలల్లో తనిఖీకి తిరిగే మనిషి జీతం, పెట్రోలు పోతే మనకి పెద్దగా ఏమీ మిగలదు. మూడోది తెరిచాకే లాభం కనబడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టగలరా, పిన్నితో మాట్లాడి చెప్పండి.

గాజువాక షాపు ఓనరు ఆరు నెలల అడ్వాన్స్ అడుగుతున్నాడట. ఇంకా ఏమీ ఇవ్వకండి. లీజు పార్టనర్ పేరు మీదే రాయించినా, అతను మానేస్తే మనం తీసుకునే హక్కు అందులో ఉండాలి. ఆదివారం నేను వచ్చి ఆ కాగితం చూస్తాను.

మీ అన్నయ్య కూతురు