ఎవరి ఇల్లు ఎక్కడ? ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలకు జట్ల క్విజ్

నల్లమల అంచున ఉన్న మన ప్రాథమిక పాఠశాలలో ఈ శనివారం, బ్యాగులు లేని రోజు, మధ్యాహ్న భోజనానికి ముందు గంటసేపు జరిపే క్విజ్ ఇది. పిల్లలు 24 మంది, జట్లు నాలుగు. ఒక్కో జట్టులో ఒకటో తరగతి వాళ్ళు ఇద్దరు, రెండో తరగతి ఇద్దరు, మూడో తరగతి ఇద్దరు. స్నేహితులంతా ఒకే జట్టులో కావాలని పట్టుపడతారు కాబట్టి మూడు డబ్బాల్లో చీటీలు వేసి ఎవరికి ఏ జట్టు వస్తే ఆ జట్టే. పేర్లు: నెమలి, జింక, తూనీగ, సీతాకోకచిలుక. ఈ నాలుగూ ప్రశ్నల్లో ఎక్కడా రావు, వస్తే ఆ జట్టుకి ఊరికే క్లూ ఇచ్చినట్టవుతుంది. ఒక్కో జట్టు పక్కన ఐదో తరగతి అక్కో అన్నో ఒకరు కూర్చుంటారు, వాళ్ళ పని జట్టు చెప్పింది రాసుకోవడమే, కళ్ళతో కూడా సాయం చేయకూడదు.

ముందు పిల్లలకు చదివి వినిపించాల్సిన నియమాలు

పిల్లలూ, అందరూ ఇటు చూడండి. ఈ ఆటలో ఎవరూ ఊరికే కూర్చోరు. మొదటి రౌండులో ఒకటో తరగతి వాళ్ళే చెప్పాలి, మూడో రౌండులో రెండో తరగతి వాళ్ళు, మధ్యలో జట్టంతా కలిసి ఆలోచిస్తే మూడో తరగతి వాళ్ళు వంతులవారీగా జవాబు అందిస్తారు. జట్టులో గుసగుసలాడుకోవచ్చు, కానీ చిన్నవాళ్ళ వంతులో జవాబు వాళ్ళ నోటి నుంచే రావాలి, పెద్దవాళ్ళు అందుకుంటే ఆ మార్కు రాదు.

ప్రశ్న చదవడం అయ్యాక అందరం కలిసి నెమ్మదిగా పది చప్పట్లు కొడతాం, అదే మన గడియారం. తప్పు చెప్తే మార్కు పోదు, సున్నా అంతే, కాబట్టి భయపడకుండా చెప్పండి. తప్పు చెప్పినవాళ్ళని చూసి ఎవరైనా నవ్వితే ఆ ప్రశ్న అదే జట్టుకి ఇంకోసారి ఇస్తాను. కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మానాన్నలు గానీ వేరే జట్టు వాళ్ళు గానీ జవాబు అరిచేస్తే ఆ ప్రశ్న రద్దు, దాని బదులు ఇంకోటి అడుగుతా.

మీ ఇంట్లో ఏ మాట వాడతారో ఆ మాటే చెప్పండి. కలుగు అన్నా, బొరియ అన్నా, బొక్క అన్నా నాకు ఒకటే. మాట గుర్తు రాకపోతే బొమ్మ గీసి చూపించండి, చేతులతో చూపించినా సరే, అర్థమైతే మార్కు ఇస్తాను.

(మన సంగతి: అందరూ అర్ధచంద్రాకారంలో కూర్చోవాలి, ఏ జట్టూ బొమ్మకి మరీ దగ్గరగా ఉండకూడదు. బొమ్మని ఒకసారి ఎడమ నుంచి కుడికి, తర్వాతిసారి కుడి నుంచి ఎడమకి నడిపించి చూపించాలి. అందరూ చూశాకే చప్పట్లు మొదలు.)

మొదటి రౌండు: ఇది ఎక్కడ ఉంటుంది?

ఒకటో తరగతి వాళ్ళ వంతు. జంతువు బొమ్మ చూపించి ఒకే మాట అడుగుతాను. ఒక్కో బొమ్మకి రెండు మార్కులు. ఒక్కొక్కరికి ఒకటి చొప్పున ఎనిమిది బొమ్మలు, చకచకా అయిపోతుంది.

నెమలి జట్టుకి ఆవు, సాలీడు. ఆవుకి కొట్టం, పాక, చావిడి ఏది చెప్పినా సరే. సాలీడుకి గూడు.
జింక జట్టుకి కోడి, ఎలుక. కోడికి గూడు, గంప రెండూ ఒప్పే. ఎలుకకి కలుగు.
తూనీగ జట్టుకి చేప, తేనెటీగ. చేపకి చెరువు, ఏరు, సముద్రం, నీళ్ళు, ఏదైనా. తేనెటీగకి తేనెపట్టు లేదా తేనెతుట్టె.
సీతాకోకచిలుక జట్టుకి కాకి, సింహం. కాకికి చెట్టు మీద గూడు. సింహానికి గుహ అన్నా అడవి అన్నా రెండు మార్కులూ ఇవ్వాలి. పాఠంలో గుహ అని ఉన్నా నిజానికి సింహం పొదల నీడలోనే ఎక్కువ పడుకుంటుంది కాబట్టి అడవి అన్న బిడ్డకి కోత వేయడం న్యాయం కాదు.

రెండో రౌండు: బొమ్మ మీద బొమ్మ

పిల్లలూ, ఇది అన్ని జట్లకీ ఒకేసారి. ఒక్కో పొడుపుకి మూడు బొమ్మలు. మొదటి బొమ్మ చూడగానే కనిపెడితే మూడు మార్కులు, రెండోది చూశాక రెండు, మూడోదీ చూశాక ఒకటి. తెలిసిందనుకుంటే మూడో తరగతి వాళ్ళలో వంతు ఉన్నవాళ్ళు పక్కనున్న అక్క చెవిలోనో అన్న చెవిలోనో చెప్పి వచ్చేయండి. గట్టిగా చెప్పొద్దు, చెప్తే పక్క జట్టుకి దొరికిపోతుంది. ఒక్కసారి చెప్పాక మార్చడం లేదు, అందుకే ముందు జట్టులో అందరినీ అడగండి, ఒకటో తరగతి వాళ్ళని కూడా. చేలో తిరిగే చిన్నోడికి తెలిసినవి కొన్ని మీకు తెలియకపోవచ్చు.

పొడుపు 1. ఈ ఇంట్లో ఉండేది ఎవరు?
మొదటి బొమ్మ: ముక్కు ఒక్కటే, అందులో సన్నగా చీల్చిన పచ్చటి ఆకు పోగు.
రెండో బొమ్మ: బావి మీదకి వంగిన ఈతచెట్టు, మట్టల చివర సొరకాయల్లా వేలాడుతున్నవి ఐదారు.
మూడో బొమ్మ: పసుపు తల ఉన్న చిన్న పిట్ట, కిందనించి దూరే గొట్టంలాంటి దారి.
జవాబు గిజిగాడు. పిచ్చుక అంటే కూడా ఇవ్వండి, చాలా ఇళ్ళలో గిజిగాడి పిచ్చుక అనే అంటారు. జవాబు అయ్యాక పిల్లలకు చెప్పండి: ఈ గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది, నచ్చితేనే ఉంటుంది, నచ్చకపోతే పాపం ఇంకోటి మొదలుపెట్టాలి. రాలిపడిన పాత గూడు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ చేతికిచ్చి చూపించండి. చెట్టు మీద ఉన్నది మాత్రం ఎవరూ తెంపకూడదు.

పొడుపు 2. ఈ ఇల్లు కట్టింది ఎవరు?
మొదటి బొమ్మ: పాత దర్వాజా, దాని మీద మట్టి గీతలు పాకి ఉన్నాయి.
రెండో బొమ్మ: పిల్లవాడి కంటే ఎత్తైన పుట్ట.
మూడో బొమ్మ: తెల్లగా మెత్తగా ఉన్న బుల్లి పురుగు, పక్కన కొరికిన కట్టె.
జవాబు చెదపురుగులు. ఇక్కడ గొడవ వస్తుంది, అది ముందే తెలుసుకుని ఉండాలి. రెండో బొమ్మ చూడగానే సగంమంది పాము అంటారు. అందుకే ప్రశ్న చదివేటప్పుడు "కట్టింది" అన్న మాటని రెండుసార్లు నొక్కి పలకండి. పాముకి పుట్ట కట్టడం రాదు, ఖాళీగా ఉంటే వచ్చి దూరుతుంది, కాబట్టి పాముకి సున్నా. చీమలు అంటే ఒక మార్కు ఇవ్వాలి, ఎందుకంటే పెద్దవాళ్ళే చీమలపుట్ట అంటుంటే పిల్లల తప్పేముంది. తెల్లచీమలు అంటే పూర్తి మార్కులు. చివర్లో ఒక మాట తప్పకుండా చెప్పండి: పుట్టలో చెయ్యి పెట్టకూడదు, కట్టెతో పొడవకూడదు.

పొడుపు 3. ఇక్కడ ఉండేది ఎవరు?
మొదటి బొమ్మ: పాడుబడిన గుడి లోపల చీకటి పైకప్పు.
రెండో బొమ్మ: రాతిని పట్టుకున్న రెండు చిన్న పాదాలు, శరీరం కిందకి వేలాడుతోంది.
మూడో బొమ్మ: గొడుగు గుడ్డలాగా విప్పిన రెక్కలు.
జవాబు గబ్బిలం. మొదటి బొమ్మకే పావురం అనేవాళ్ళు ఉంటారు, పావురం కూడా గుళ్ళల్లో ఉంటుంది కదా. అది తొందరపడటమే తప్ప తెలివితక్కువ కాదు, ఆ మాట వాళ్ళకి చెప్పి అప్పుడు సున్నా వేయండి. గబ్బిలం ఎగురుతుంది కానీ పక్షి కాదు, పిల్లల్ని కని పాలిస్తుంది.

పొడుపు 4. ఇంటిని మోసుకుపోయేది ఎవరు?
మొదటి బొమ్మ: తడిగోడ మీద మెరిసే జిగురు గీత.
రెండో బొమ్మ: చక్రంలా చుట్టుకున్న గుల్ల.
మూడో బొమ్మ: గుల్లలోంచి బయటికి వచ్చిన రెండు మెత్తటి కొమ్ములు.
జవాబు నత్త. అది పెరిగేకొద్దీ గుల్ల కూడా పెరుగుతుంది, వేరే ఇల్లు వెతుక్కోవాల్సిన పనే లేదు. తాబేలు అన్న జట్టు ప్రశ్నని బాగానే విన్నట్టు, కానీ బొమ్మలో జిగురు గీత ఉంది కాబట్టి మార్కు లేదు.

రద్దయితే వాడే పొడుపు: చెట్టు కింద రాలిన కట్టె పొట్టు, తర్వాత మానులో గుండ్రటి రంధ్రం, తర్వాత ఎర్ర జుట్టు ఉన్న పిట్ట. జవాబు వడ్రంగిపిట్ట.

మూడో రౌండు: తప్పిపోయారు, ఇంటికి చేర్చండి

రెండో తరగతి వాళ్ళ వంతు. మొదటి రౌండులో నెమలి జట్టు ముందు మొదలెట్టింది కదా, ఇప్పుడు సీతాకోకచిలుక జట్టు ముందు. ఒక్కో బొమ్మలో ఒక జంతువు వేరేవాళ్ళ ఇంట్లో ఉంటుంది. అదెవరో చెప్తే ఒకటి, దాని ఇల్లు ఎక్కడో చెప్తే ఇంకొకటి.

సీతాకోకచిలుక జట్టు: బొరియలో కూర్చున్న రామచిలుక, దాని చోటు చెట్టు తొర్ర. అలల మీద ఒంటె, దాని చోటు ఎడారి.
తూనీగ జట్టు: కొబ్బరిచెట్టు పైన మొసలి, నదికో మడుగుకో చేర్చాలి. చేపల తొట్టిలో ఉడత, చెట్టు మీదకి.
జింక జట్టు: కోళ్ళ గూట్లో గుర్రం, గుర్రపుశాలకి, లాయం అన్నా సరే. పిట్టగూట్లో పీత, ఇసుకలోకో బురదలోకో నీళ్ళలోకో.
నెమలి జట్టు: ఇంటి మిద్దె మీద పులి, అడవికి. మంచుగడ్డ మీద కోతి, చెట్టు మీదకి.

పులి బొమ్మ వచ్చినప్పుడు ఒక నిమిషం ఆగండి. కిటికీలోంచి కనిపించే కొండల వైపు చూపించి చెప్పండి, ఈ నల్లమలలోనే పులులున్నాయి, మనదేశంలో విస్తీర్ణంలో అన్నిటికంటే పెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్-శ్రీశైలం ఇక్కడిదే అని. కొందరి నాన్నలు, తాతలు అడవిలోకి వెళ్ళొచ్చేవాళ్ళే, ఆ పిల్లల దగ్గర కథలుంటాయి, రెండు వినండి. టైమ్ అయిపోతే వడ్డించడం ఐదు నిమిషాలు ఆగినా పర్వాలేదు.

ఈ రౌండులో ఏదైనా ప్రశ్న రద్దయితే నీళ్ళ బిందెలో గుడ్లగూబ బొమ్మ వాడండి, దాన్ని చెట్టు తొర్రకి చేర్చాలి. మొదటి రౌండులో అయితే గేదె బొమ్మ.

మార్కులు, జవాబుల మీద పేచీ

ఒక్కో జట్టుకి మొదటి రౌండులో 4, రెండో దాంట్లో 12, మూడో దాంట్లో 4, మొత్తం 20. మార్కులు బోర్డు మీద అందరికీ కనపడేలా గింజల్లాంటి చుక్కలతో వేయాలి, ఒకటో తరగతి వాళ్ళు కూడా లెక్కపెట్టుకోవాలి. మార్కు మీద అనుమానం ఉంటే ఎవరైనా చెయ్యెత్తి అడగొచ్చు, చిన్నవాళ్ళైనా సరే, ఆ రౌండు ముగిసేలోపు. మేము రాసుకున్న జవాబు కాకపోయినా పిల్ల చెప్పింది తను కళ్ళారా చూసిందైతే, ఎక్కడ చూసిందో చెప్పగలిగితే, మార్కు ఇవ్వాలి.

ఇద్దరికి సమానంగా వస్తే ఇద్దరూ గెలిచినట్టే, ఇంకో ప్రశ్న వేసి ఒకర్ని ఏడిపించాల్సిన అవసరం లేదు. పల్లీపట్టీ 24 మందికీ ఒకే సైజుది, రాసుకున్న నలుగురికీ ఒక్కోటి. గెలిచిన జట్టు సోమవారం ప్రార్థనలో ముందు నిలబడి, ఈ బొమ్మల్లో తమకి నచ్చినది అందరికీ చూపించి చెప్తుంది.

అన్నీ అయ్యాక మార్కులు లేని ప్రశ్న ఒకటి, అందరికీ: కోయిల గూడు ఎప్పుడైనా ఎవరైనా చూశారా? చూసే అవకాశం లేదు, అది గూడు కట్టదు, కాకి గూట్లోకి వెళ్ళి గుడ్లు పెట్టేస్తుంది. కాకి తన పిల్లే అనుకుని మేత పెడుతుంది. ఇది న్యాయమేనా అని పిల్లల్ని అడగండి, వాళ్ళు వాదించుకోనివ్వండి, భోజనం గంట కొట్టేదాకా.