బుజ్జీ, నువ్వు పంపిన ఫోటోలోని వాటాల లెక్క

పేజీ వంకరగా పడిందిగానీ చదవగలిగానే. ప్రశ్న ఇదే కదా: ఎ 24,000 రూపాయలతో వ్యాపారం మొదలుపెట్టాడు. 4 నెలల తర్వాత బి 36,000తో చేరాడు. ఇంకో 2 నెలలకు సి 30,000 తెచ్చాడు. ఏడాది చివర లాభం 31,500. ఎవరి వాటా ఎంత?

మార్జిన్‌లో నువ్వు పెన్సిల్‌తో వేసినదీ చూశాను. 24 : 36 : 30 అంటే 4 : 6 : 5, మొత్తం 15 భాగాలు, భాగానికి 2,100. ఎకి 8,400, బికి 12,600, సికి 10,500. కూడితే 31,500 సరిగ్గా వస్తుంది, అందుకే నీకు అనుమానం రాలేదు. కానీ కూడిక సరిపోవడం దేనికీ సాక్ష్యం కాదు, ఏ నిష్పత్తిలో పంచినా మొత్తం అంతే వస్తుంది. ఏడాదంతా డబ్బు పెట్టి ఉంచిన ఎ కంటే, ఆర్నెల్లకు వచ్చిన సి ఎక్కువ పట్టుకుపోతే ఎ ఊరుకుంటాడా? అక్కడ ఆగాల్సింది.

డబ్బు ఎంత అన్నదానితోపాటు ఎన్ని నెలలు ఉందో కూడా చూడాలి. రెండూ గుణించు:

ఎ: 24,000 × 12 = 2,88,000
బి: 36,000 × 8 = 2,88,000
సి: 30,000 × 6 = 1,80,000

బికి 8 నెలలే, 4 కాదు. 4 అన్నది అతను రాని నెలలు. సికి 4 + 2 పోగా మిగిలినవి 6.

288 : 288 : 180. గ.సా.భా. 36, కొట్టేస్తే 8 : 8 : 5. మొత్తం 21 భాగాలు. 31,500 ÷ 21 = 1,500.

ఎ 12,000, బి 12,000, సి 7,500.

ఎ, బి సమానం రావడం చూసి కంగారుపడకు, ప్రశ్న కట్టినవాడు కావాలనే అలా పెట్టాడు. మన పర్లాకిమిడి బజారులో పొత్తులో కొట్టు పెట్టినా లెక్క ఇలాగే మొదలవుతుంది. తగువు మాత్రం కొట్లో కూర్చున్నవాడి జీతం దగ్గర వస్తుంది. పుస్తకం ఆ గొడవ ఎత్తలేదు, మనకెందుకు.

రెండో ప్రశ్న: ముగ్గురికీ సమాన వాటా రావాలంటే సి అదే 6 నెలలకు ఎంత పెట్టాలి? పెట్టుబడి × 6 = 2,88,000 కావాలి. అంటే 48,000. అప్పుడు తలా 10,500.

మూడోది ఫోటోలో సగం తెగిపోయింది, ‘నష్టం’ అన్న మాట ఒక్కటే కనిపిస్తోంది. ట్యూబ్‌లైటు కింద పెట్టి, నీ నీడ పడకుండా మళ్లీ తీసి పంపు. రేపు పొద్దున్నే గుణుపూర్ రైలెక్కుతాను, దారిలో సిగ్నల్ ఉండదు, కాబట్టి ఈ రాత్రికే పంపెయ్.

— మావయ్య