తూకం లెక్క

రాజ్యలక్ష్మి గారి ఆయన తెనాలి రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు, ఆయనకి సిగరెట్లు లేవు పేకాట లేదు, ఉన్న పిచ్చల్లా పాత నాణేలే. ఒకసారి ఈవిడ పాపం నల్లబడ్డాయి కదా అని రెండు బిళ్ళలు చింతపండేసి తోమితే రెండ్రోజులు మాట్లాడలేదట.

ఆయన పోయాక 2019 ఎండాకాలంలో బెజవాడ నుంచి ఒక డీలర్ వచ్చాడు. వెండి రూపాయిలు అరవై దాకా ఉన్నాయి, ఎలక్ట్రానిక్ కాటా మీద పోస్తే ఏడొందల గ్రాములు. "బజారు రేటే వేశానమ్మా, ఇవన్నీ మామూలువే" అని ఇరవై రెండు వేలు చేతిలో పెట్టాడు. అన్నీ సంచిలో పోసుకున్నాడు గానీ ఒక్కటి మాత్రం జేబులో వేసుకున్నాడు, ఈవిడ చూసింది, ముచ్చటపడ్డాడేమోలే అనుకుంది.

నెల తర్వాత ఎల్‌ఐసీ కాగితాల కోసం బీరువా కింది అర వెతుకుతుంటే ఆయన నోట్‌బుక్ దొరికింది. ఏ నాణెం ఏ సంవత్సరం, ఎక్కడ కొన్నాడు, ఎంతకి కొన్నాడు, అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు. ఒక లైను మాత్రం ఎర్ర ఇంకుతో ఉంది. "1939 ఆరో జార్జి. 8ని గీకి 9 చేసింది కాదు, లెన్స్‌లో చూశా. అమ్మొద్దు."

తమ్ముడి కొడుకుని అడిగితే వాడు ఫోన్లో చూసి గుడ్లు తేలేశాడు. "అత్తా, ఒరిజినల్ అయితే ఇది లక్షల్లో పలుకుద్ది, నువ్వు ఆ ఒక్కదానికి నాలుగొందలు కూడా తీసుకోలేదు!" పోలీస్ కంప్లైంట్ ఇద్దామని ఎగిరాడు.

ఆవిడ మాట్లాడకుండా అదే లైను చివరి గడి చదువుతోంది. "1986, రేపల్లె, మొగుడు పోయిన ముసలావిడ, తూకానికి, 45 రూ."

ఆ రాత్రి ఈవిడకి నిద్రపట్టలేదు, కోపం ఎవరి మీదో కూడా తేల్చుకోలేకపోయింది, పోయినాయన్ని ఏం అడుగుతాం చెప్పండి. పొద్దున్నే మాత్రం జెరాక్స్ షాపుకెళ్ళి ఆ పేజీ మీద చివరి గళ్ళ వరసకి తెల్ల కాగితం ముక్క అడ్డంపెట్టి రెండు కాపీలు తీయించి, ఒక్కతే బెజవాడ రైలెక్కింది.

డీలర్ మొదట గుర్తుపట్టనట్టు చూశాడు. జెరాక్స్ కౌంటర్ మీద పెట్టి "జేబులో వేసుకున్నది ఏ సంవత్సరందో చెప్పు బాబూ" అంది. వాడు కుర్రాణ్ణి టీకి పంపేశాడు. కాగితం అటూ ఇటూ తిప్పి నెమ్మదిగా "అన్నీ రాశారు గానీ సార్ ఎంతకి కొన్నారో లేదేంటమ్మా, ఈ గడి ఖాళీగా ఉందేంటి?" అన్నాడు.

"అది నేనూ ఆయనా చూసుకునే లెక్క," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వు నీ లెక్క తియ్యి."