ఇన్‌వాయిస్ 2025-26/031: బ్యాలెన్స్ రూ. 43,200, గడువు నవంబరు 11. ఒకసారి చూడగలరు

నవంబరు 14, 2025

పద్మావతి గారికి నమస్కారం అండీ.

గోంగూర లేబుల్ ప్రూఫ్ ఫొటో నిన్న సాయంత్రం ప్రెస్ వాళ్లు నాకూ పంపారు. ఆకు రంగు బాగా వచ్చింది. స్క్రీన్ మీద ఉన్న పచ్చదనం ఇంకులో నిలవదేమోనని ఇద్దరం అనుకున్నాం కదా. నలుపు తగ్గించి పసుపు కాస్త పెంచాక ఎండిపోయిన ఆకులా కాకుండా అప్పుడే కోసిన ఆకులా కనిపిస్తోంది. ప్రూఫ్‌లో మీకు అది కొంచెం ఎక్కువ ప్రకాశంగా అనిపించినా మార్చమనకండి. పైన మ్యాట్ లామినేషన్ పడ్డాక రంగు ఒక మెట్టు దిగుతుంది, దానికి సరిపడా ముందే పెంచి పెట్టాను.

ఇక ఈ మెయిల్ రాసిన పని. అక్టోబరు 27న పంపిన ఇన్‌వాయిస్ 2025-26/031కి గడువు మొన్న మంగళవారం, నవంబరు 11తో అయిపోయింది. ఈ ఉదయం చూసేసరికి నా ఖాతాలో బ్యాలెన్స్ ఇంకా జమ కాలేదు. కార్తీక మాసం ఆర్డర్లతో మీకు ఊపిరాడని రోజులని తెలుసు, పనుల్లో పడి పక్కన ఉండిపోయి ఉంటుందనే అనుకుంటున్నాను. ఈపాటికే పంపేసి ఉంటే మళ్లీ పంపకండి. నెఫ్ట్ అయితే 16 అక్షరాల యూటీఆర్, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్సు నంబరు వాట్సాప్‌లో పెట్టండి, నా బ్యాంకులో నేనే వెతుక్కుంటాను.

లెక్క మళ్లీ ఒక్కచోట రాస్తున్నాను, పాత మెయిళ్లు తిరగేసే పని లేకుండా. ఆరు రకాలు, ఒక్కోటి 250 గ్రాములు, 500 గ్రాముల సైజుల్లో, అంటే 12 లేబుళ్లు. లేబుల్‌కు రూ. 6,000 చొప్పున మొత్తం రూ. 72,000. సెప్టెంబరులో మీరిచ్చిన 40 శాతం అడ్వాన్సు రూ. 28,800 పోను మిగిలింది రూ. 43,200. కారప్పొడి, కరివేపాకు పొడి ల్యాబ్ రిపోర్టులు ఆలస్యంగా రావడంతో పోషకాల పట్టికలు మూడోసారి మార్చాం కదా, దానికి నేను ఏమీ వేయలేదు. కొటేషన్‌లో రెండు రౌండ్లే రాసినా, ఆ మార్పు మీ తప్పు వల్ల వచ్చింది కాదు.

అకౌంట్స్ చూసే రమేష్ గారి దగ్గర ఆగి ఉంటే, బహుశా టీడీఎస్ దగ్గరే ఆగి ఉంటుంది. మీది పార్ట్‌నర్‌షిప్ సంస్థ, కాబట్టి కోత తప్పదు. డిజైన్ ఫీజుకు మామూలుగా 194జె కింద 10 శాతం కోస్తారు, ఈ ఆర్థిక సంవత్సరం నుంచి దానికి పరిమితి రూ. 50,000. అడ్వాన్సు ఒక్కటే చూస్తే పరిమితి లోపలే ఉంది, అందుకే అప్పుడు కోయలేదు. ఇప్పుడు రెండూ కలిపితే దాటింది. దాటాక కోత ఈ రూ. 43,200 మీద మాత్రమే కాదు, మొత్తం రూ. 72,000 మీద లెక్కకొస్తుంది. అంటే రూ. 7,200. అది బ్యాలెన్స్‌లోంచి తీసేస్తే నా ఖాతాకు రావాల్సింది రూ. 36,000. రూ. 4,320 మాత్రమే కోసి రూ. 38,880 పంపితే తర్వాత ఆడిట్‌లో మిగతాది మళ్లీ కదపాల్సి వస్తుంది, అది మీకే చికాకు. మీ ఆడిటర్ గారు వేరే సెక్షన్ కింద లెక్క వేసి ఉంటే ఆ అంకె ఒక్కటి చెప్పండి, నా పుస్తకంలో అలాగే రాసుకుంటాను.

నా పాన్ ఇన్‌వాయిస్‌లో కుడివైపు పైన ఉంది. అది ఎక్కించకుండా కోస్తే 20 శాతం పడుతుంది, కాబట్టి రమేష్ గారిని ఆ అంకెలు ఒకసారి సరిచూడమనండి. ఈ నెలలో కోసినది డిసెంబరు 7లోగా కడితే చాలు. ఫారం 16ఎ ఫిబ్రవరి మధ్యలో వస్తుంది కదా, అప్పుడు పంపండి. దాని కోసం ఈ చెల్లింపు ఆపక్కర్లేదు.

జీఎస్టీ గడి ఖాళీగా ఉండటం పొరపాటు కాదండీ. నా ఏడాది రాబడి రూ. 20 లక్షల లోపే, నాకు రిజిస్ట్రేషన్ లేదు, అందుకే పన్ను వేయలేదు. మీ సాఫ్ట్‌వేర్ జీఎస్టీఐఎన్ అడిగితే రిజిస్టర్ కాని సరఫరాదారు అని ఎంచుకోమనండి.

ఖాతా వివరాలు ఇన్‌వాయిస్ చివర ఉన్నవే, అడ్వాన్సు వచ్చింది కూడా అదే ఖాతాకు, చివరి అంకెలు 4417. ఏమీ మారలేదు. ఖాతా మారిందంటూ నా పేరుతో ఎవరు మెయిల్ పెట్టినా, డబ్బు కదిపే ముందు నాకు ఫోన్ చేయండి. ఈసారి పంపేది వేరే బ్యాంకు నుంచైతే నన్ను కొత్తగా బెనిఫిషియరీగా చేర్చాలి. చేర్చిన మొదటి రోజు చాలా బ్యాంకులు పెద్ద మొత్తం పంపనివ్వవు, కాబట్టి చేర్చే పని ఈ రోజే చేసిపెడితే నయం. నెఫ్ట్ సెలవు రోజుల్లోనూ నడుస్తుంది, ఆదివారం చేసినా ఇబ్బంది లేదు. వివరాల గడిలో 031 అని పెడితే నాకు సులువు.

వచ్చే బుధవారం, నవంబరు 19లోగా కుదురుతుందా? కుదరకపోతే ఏ తేదీన పంపగలరో ఒక ముక్క చెప్పండి, దానికి తగ్గట్టు నేనూ నా కట్టాల్సినవి సర్దుకుంటాను. బిల్లులో ఏ వరుసైనా మీరు అనుకున్నదానికి తేడాగా ఉంటే అదీ చెప్పండి. మొహమాటపడి ఊరుకోవద్దు, ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఈలోగా ప్రింటింగ్ ఆపించాలన్న ఉద్దేశం నాకు లేదు. ప్రెస్‌కు ఇచ్చిన పీడీఎఫ్‌లన్నీ 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో, ఫాంట్లు అవుట్‌లైన్ చేసి సిద్ధంగా ఉన్నాయి, సంక్రాంతి సరుకుకు వాళ్లు నడిపించుకోవచ్చు. ఒక్క మాట మాత్రం వాళ్లకు గట్టిగా చెప్పండి: 250 గ్రాముల లేబుల్ మీద బార్‌కోడ్‌ను చోటు కోసం ఇంకా కుదించకూడదు. ఇప్పటికే అది 80 శాతం సైజులో, దాదాపు 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉంది. అంతకంటే తగ్గినా, గీతలకు ఇరువైపులా ఉన్న తెల్ల ఖాళీ కోసేసినా షాపుల్లో స్కానర్ చదవకుండా మొరాయిస్తుంది. గీతలు ఒక్క నల్ల ఇంకుతోనే పడాలి. నాలుగు రంగులూ కలిపితే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచులు మసకబారతాయి.

ఓపెన్ ఫైళ్లు మాత్రం కొటేషన్‌లో రాసుకున్నట్టు బ్యాలెన్స్ అందిన రోజే డ్రైవ్ లింకులో పెడతాను. ఫోల్డర్లు రకాల వారీగా సర్ది ఉంచాను, రేపు మీరు ఉసిరి పచ్చడి మొదలుపెట్టినా అందులోంచే తీసుకోవచ్చు.

ఇన్‌వాయిస్ కాపీ INV-2025-26-031.pdf దీనికి మళ్లీ జత చేశాను. మొదటిసారి దాన్ని ప్రూఫ్ ఫైళ్లతో కలిపి ఒకే పెద్ద మెయిల్‌లో పంపాను, అది స్పామ్‌లోకి పోయి ఉండొచ్చు. ఈసారి రమేష్ గారిని కూడా కాపీలో పెట్టాను.

ఉంటానండీ,
సౌజన్య
ప్యాకేజింగ్ డిజైనర్, విజయవాడ